కొత్త టీమ్‌కు తొలి మెయిల్
(హైదరాబాదులో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారి కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో టీమ్‌కు రాసుకునే పరిచయపు మెయిల్ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, పది వాక్యాలు కూడా ఉండని మెయిల్ మీద అరగంట ఏం మాట్లాడాలా అనుకున్నాను. ఆ సందేహం తీరక, నా టీముల్లో ఇన్నేళ్ళుగా చేరినవారు రాసిన పరిచయాలను మెయిల్‌బాక్సులో వెతికి పట్టుకుని ఒక ఆదివారం వరసగా చదివాను. మనుషులు వేరు, ఊళ్ళు వేరు, చేసే పనులు వేరు, కానీ మెయిల్ మాత్రం ఒక్కటే. ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలవుతుంది. బీటెక్ ఎక్కడ చదివిందీ, ఎంత శాతం వచ్చిందీ, ఏయే టూల్స్ తెలిసిందీ వస్తాయి. తర్వాత సంగీతం వినడం, సినిమాలు చూడటం, క్రికెట్ ఆడటం. చివర అందరితో కలిసి పనిచేయడానికి ఎదురుచూస్తున్నానన్న వాక్యం. ఆ మెయిళ్ళు రాసినవారిలో చాలామంది తర్వాత నాకు ఆప్తులయ్యారు, అయినా పేరు కొట్టేసి ఇస్తే ఏ మెయిల్ ఎవరిదో నేను చెప్పలేను.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆలోచిస్తే నాకు తట్టిన కారణం ఒకటే. మనందరం పరిచయం చేసుకోవడం నేర్చుకున్నది ఇంటర్వ్యూ కోసం. అమీర్‌పేటలో కోర్సు చేసినా, కాలేజీలో ప్లేస్‌మెంట్ శిక్షణ తీసుకున్నా, ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు ఒక జవాబు తయారు చేసుకుని, అద్దం ముందు నిలబడి బట్టీ పట్టాం. ఉద్యోగం వచ్చాక పరిచయం రాయమంటే చేతికి ముందు వచ్చేది ఆ జవాబే. అయితే ఆ జవాబు మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవలసినవారికి చెప్పినది. ఇప్పుడు మెయిల్ చదివేవారు అది తేల్చుకోనక్కరలేదు, మీరు ఇప్పటికే పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. వారికి కావలసింది వేరే. ఈ కొత్త మనిషిని ఏమని పిలవాలి, ఏ పని పడితే ఈ మనిషి దగ్గరికి వెళ్ళాలి, ఈ రెండూ తెలిస్తే చాలు. మీ శాతాలు హెచ్ఆర్ ఫైలులో భద్రంగానే ఉంటాయి.

ముందుగా పేరు సంగతి చెబుతాను. తెలుగువారికి ఇది చిన్న విషయం కాదు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, పిలిచే పేరు చాలాసార్లు చిట్టచివర వస్తుంది, మధ్యలో ఇష్టదైవమో తాతగారో నాయనమ్మో ఉంటారు. కంపెనీ డైరెక్టరీలో ఉండేవి మాత్రం రెండే గడులు, మొదటి పేరు, చివరి పేరు. నా టీమ్‌లో చేరిన ఒక అమ్మాయి ఉదాహరణ చెబుతాను. పేరు మారుస్తున్నాను, కొత్తపల్లి వెంకట నాగలక్ష్మీ ప్రసన్న అనుకుందాం. ఇంట్లోనూ స్నేహితులకూ ప్రసన్న. డైరెక్టరీలో ఇంటిపేరు చివరికి వెళ్ళి, ‘వెంకట’ మొదటికి వచ్చింది. ఫోన్ తెర మీద అంత పొడవు పేరు పట్టదు కదా, ‘వెంకట నాగ’ దాకా కనిపించి ఆ తర్వాత మూడు చుక్కలు. డబ్లిన్‌లో ఉన్న మా సహోద్యోగి ఆమెకు రాసిన మొదటి మెయిల్ ‘డియర్ వెంకట’ అని మొదలైంది. తప్పు ఆయనది కాదు, ఆయనకు కనిపించింది అదే. పైగా ఆ టీమ్‌లో అప్పటికే ఇద్దరు వెంకటలు ఉన్నారు.

విదేశాలకు వెళ్ళినవారికి దీని ఇంకో రూపం తెలిసే ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద మొదటి పేరు ఉండవలసిన చోట FNU అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడు అక్షరాలూ అక్కడి నుంచి ఉద్యోగపు కాగితాల్లోకి, డైరెక్టరీలోకి జారి, పాపం ఎందరో తెలుగువారు ఆఫీసులో కొంతకాలం ‘ఫ్నూ’గా బతికారు. ఇవన్నీ సరిచేయించడానికి హెచ్ఆర్ దగ్గర వేరే దారులున్నాయి, వాటికి నెలలు పట్టవచ్చు. ఈలోగా పరిచయపు మెయిల్‌లో ఒక్క వాక్యం ఆ పని చేస్తుంది. ‘డైరెక్టరీలో వెంకట అని కనిపించేది నేనే, ప్రసన్న అని పిలవండి’ అంటే చాలు. డైరెక్టరీలో కనిపించే పేరూ, పిలవవలసిన పేరూ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. ఎందుకంటే రేపు మిమ్మల్ని చాట్‌లో వెతికేవారు ప్రసన్న అని టైప్ చేసి, దొరక్క, అలాంటివారు ఎవరూ లేరేమో అనుకుంటారు.

కింద సంతకంలో కూడా ఆ పిలిచే పేరే ఉండాలి. పైన ప్రసన్న అని చెప్పి కింద పూర్తి పేరూ, హోదా, ఉద్యోగి నంబరూ పెడితే, జవాబు రాసేవారు మళ్ళీ తికమక పడతారు. జవాబు రాసేటప్పుడు వారి కన్ను ఆనేది సంతకం మీదే.

ఇక గుర్తుండటం గురించి. 1987లో బ్రిటన్‌లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం ఉంది. కొత్త ముఖాలు చూపించి, ఒక్కొక్కరి పేరూ వృత్తీ నేర్పి, తర్వాత అడిగారు. ఇంగ్లీషులో బేకర్ అనేది ఇంటిపేరూ అవుతుంది, రొట్టెలు కాల్చే వృత్తీ అవుతుంది. అదే మాటను వృత్తిగా నేర్చుకున్నప్పుడు జనం సులువుగా గుర్తు తెచ్చుకున్నారు, ఇంటిపేరుగా నేర్చుకున్నప్పుడు మాత్రం తడుముకున్నారు. రొట్టెలు కాల్చేవాడంటే పొయ్యి, పిండి, వాసన వరసగా మనసులోకి వస్తాయి. పేరు అనుకుంటే ఏదీ రాదు, అది ఒంటరిగా వేలాడుతుంది. మీ పరిచయంలో పేరుకు ఆసరాగా ఒక బొమ్మ కావాలని నేను అంటున్నది అందుకే. ‘నాకు ప్రయాణాలంటే ఇష్టం’ అనే వాక్యంలో బొమ్మ లేదు. ఎవరి ప్రయాణాలు, ఎక్కడికి, దేని మీద? చదివేవారి మనసులో ఏదీ నిలబడదు. ‘గత ఏడాది వానాకాలంలో స్కూటర్ మీద మారేడుమిల్లి వెళ్ళి, ఘాట్ రోడ్డులో టైరు పంక్చరైతే రెండు గంటలు నడిచాను’ అంటే ఉంది. మరుసటి వారం మీరు క్యాంటీన్‌లో కనిపిస్తే ఎవరో ఒకరు ఆ టైరు సంగతి అడుగుతారు.

ఇప్పుడు ప్రసన్న మెయిల్ దగ్గరికి వస్తాను. మేము తయారుచేసేది జీతాల సాఫ్ట్‌వేర్. పద్నాలుగు మంది టీమ్, ఎక్కువమంది ఇక్కడ, కొందరు డబ్లిన్‌లో. ఆమె టెస్టింగ్‌కు వచ్చింది. పంపే ముందు ఒకసారి చూడమని నాకు తన మెయిల్ చూపించింది. మన ఆఫీసుల్లో ఈ మెయిళ్ళు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి సారాంశం తెలుగులో చెబుతాను. విషయం గడిలో ‘పరిచయం’ అని ఉంది. ‘గౌరవనీయులైన అందరికీ’ అని మొదలుపెట్టి, ఈ గొప్ప సంస్థలో చేరినందుకు ఎంత సంతోషంగా ఉందో రెండు వాక్యాలు రాసింది. తర్వాత కాలేజీ, మార్కులు, పాత కంపెనీ పేరు, అక్కడ ఏ బ్యాంకు కోసం పనిచేసిందో ఆ బ్యాంకు పేరు, తెలిసిన టూల్స్ ఎనిమిది, కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, ఖాళీ సమయంలో సంగీతం. కంప్యూటర్ తెర మీద అది ఒక పేరాలాగే కనిపిస్తుంది. ఫోన్‌లో తెరిస్తే రెండుసార్లు పైకి జరపవలసి వచ్చింది.

మొదట తీసేసింది బ్యాంకు పేరు. ఇది అందం కోసం కాదు. పాత ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె సంతకం చేసిన ఒప్పందంలో, ఏ క్లయింటుకు ఏ పని చేశామో బయట చెప్పకూడదనే షరతు ఉంది. చాలామంది ఒప్పందాల్లో ఉంటుంది, చాలామంది చదవరు. ‘ఒక బ్యాంకు మొబైల్ యాప్’ అంటే ఆమె అనుభవం ఏమిటో టీమ్‌కు పూర్తిగా తెలుస్తుంది, పేరు అక్కర్లేదు. టూల్స్ జాబితా కూడా పోయింది. మా టీమ్‌లో వాడేవి అందులో రెండే, ఆ రెండూ రాకపోతే ఆమెను తీసుకునేవారే కాదు. కష్టపడే తత్వం అన్న మాట తీసేయడానికి ఆమె కాస్త వెనకాడింది. ఆ మాట రాయనివారు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. నవ్వి, తనే కొట్టేసింది.

అక్కడిదాకా తేలికే. ఆ తర్వాత, ‘మీ దగ్గరికి ఎవరు ఏ పని మీద రావాలి?’ అని అడిగితే ‘టెస్టింగ్ అండి’ అంది. టీమ్‌లో టెస్టింగ్ చేసేవారు నలుగురు. వారిలో మీరెవరు? ఆమెకు అప్పటికి సరిగ్గా తెలియదు. ఇది చాలామందికి జరిగేదే, హోదా తెలుస్తుంది కానీ వాటా తెలియదు. వెళ్ళి మేనేజరును అడిగితే, జీతం నుంచి పన్ను కోసే లెక్కలు ఆమె చూడాలని తేలింది. నన్నడిగితే, ఆ మెయిల్ వల్ల ఆమెకు కలిగిన మొదటి లాభం అదే. పంపకముందే తన పని ఏమిటో తెలిసింది.

మిగిలింది బొమ్మ. సంగీతం కాకుండా ఇంకేమిటని అడిగితే ఏమీ లేదంది. మీది ఏ ఊరు అంటే నరసాపురం. నరసాపురం అనగానే గోదావరి జిల్లాల మనిషికి లేసు గుర్తుకు రాకుండా ఉండదు, అక్కడ ఇంటింటా ఆడవాళ్ళు కొక్కెం సూదితో లేసు అల్లడం తరతరాలుగా ఉన్నదే. మీ ఇంట్లో ఎవరైనా అల్లుతారా అని అడిగాను. వాళ్ళ అమ్మ అల్లుతుంది. అల్లికలో ఎక్కడో లెక్క తప్పితే అంచు వంకర పోతుంది, ఎక్కడ తప్పిందో దొరికేదాకా విప్పుకుంటూ రావాలి. కళ్ళు చురుకైన పిల్ల కాబట్టి ఆ చోటు వెతికిపెట్టే పని చిన్నప్పటి నుంచి ఈమెది. ఇది చెప్పి, ‘ఇలాంటివి ఆఫీసులో రాస్తారా?’ అంది. ఆఖరికి పంపిన మెయిల్ ఇది.

విషయం: ప్రసన్న, పన్ను కోత లెక్కల టెస్టింగ్, సోమవారం నుంచి

అందరికీ నమస్కారం.
డైరెక్టరీలో వెంకట అని కనిపించేది నేనే, ప్రసన్న అని పిలవండి. సోమవారం చేరాను. జీతాల్లో పన్ను కోత లెక్కల టెస్టింగ్ చూస్తాను, నెలాఖరు రన్‌కు ముందు అక్కడ తేడా కనిపిస్తే నాకు పంపండి. ఇంతకుముందు మూడేళ్ళు ఒక బ్యాంకు మొబైల్ యాప్‌లో చెల్లింపులు పరీక్షించాను. మాది నరసాపురం. మా అమ్మ లేసు అల్లుతుంది, అల్లికలో లెక్క ఎక్కడ తప్పిందో వెతికిపెట్టడం చిన్నప్పటి నుంచి నా పని. ఈ వారమంతా పాత బగ్గులు చదువుతున్నాను, మరీ తలనొప్పి పెట్టినది ఏదో ఒక్కొక్కరూ ఒకటి చెబితే వాటితో మొదలుపెడతాను.
ప్రసన్న

ఇందులో రెండు చోట్ల గమనించమంటాను. లేసు వాక్యం తర్వాత ఆమె మొదట ‘అందుకే నేను టెస్టింగ్‌లోకి వచ్చాను’ అని రాసింది. నేను తీసేయించాను. లేసులో తప్పు వెతికే పిల్ల పన్ను లెక్కల్లో తప్పు వెతకడానికి వచ్చిందన్న సంగతి చదివేవారికి తనంతట తనకే తడుతుంది. తనకే తట్టింది కాబట్టి గుర్తుంటుంది. మనం విప్పి చెబితే అది ఇంటర్వ్యూ జవాబైపోతుంది, పైగా నిజం కూడా కాదు, ఆమె టెస్టింగ్‌లోకి వచ్చింది అప్పట్లో ఆ ఉద్యోగమే దొరికింది కాబట్టి. రెండోది చివరి వాక్యం. ‘మీ సహకారం కోరుతున్నాను’ అంటే ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. ఒక బగ్గు చెప్పమంటే ఒక నిమిషంలో చెప్పగలిగే జవాబు అందరి దగ్గరా ఉంటుంది, అది చెప్పడంలో కొంత సరదా కూడా ఉంటుంది. ఆమెకు వచ్చిన జవాబుల్లో సగం ఆ బగ్గుల గురించే. మెయిల్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు కూడా అదే. అన్ని జవాబులూ స్వాగతంతో ఆగిపోతే మెయిల్‌లో పట్టుకోవడానికి ఏమీ లేదన్నమాట. ఎవరైనా ఒక ప్రశ్న అడిగినా, ఏదైనా ఒక పని పంపినా అది చేరినట్టు.

విషయం గడి గురించి ఎక్కువ చెప్పను. ‘పరిచయం’ అని పెడితే ఆరు నెలల తర్వాత మిమ్మల్ని వెతుక్కునేవారికి అలాంటివి ఇరవై కనిపిస్తాయి. పేరూ పనీ పెట్టండి. మెయిల్ మొదటి వాక్యం కూడా ముఖ్యమే, తెరవకముందే ఫోన్‌లో విషయం కింద ఒకటి రెండు వరుసలు కనిపిస్తాయి కదా. అక్కడ ‘మీరంతా క్షేమమని తలుస్తాను’ అని ఉంటే ఆ చోటు వృథా.

ఎవరికి పంపాలన్నది మాత్రం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. నా మొదటి ఉద్యోగంలో, కంపెనీ పేరు ఎందుకు గానీ, టీమ్ చిరునామా అనుకుని భవనం మొత్తానికి ఉన్న చిరునామాకు పరిచయం పంపాను. అందులో నా ఫోటో కూడా ఉంది, అదీ పెళ్ళిలో తీసినది. ఎవరో పెద్దమనిషి మర్యాదకు ‘స్వాగతం’ అని రిప్లై ఆల్ కొట్టాడు. అది చూసి మరో పది మంది. తర్వాత ‘నన్ను ఈ జాబితా నుంచి తీసేయండి’ అని కొందరు, వారూ రిప్లై ఆల్‌లోనే. సాయంత్రానికి లిఫ్టులో నన్ను చూసి నవ్వనివారు లేరు. గుర్తుండటం అంటే నేను చెబుతున్నది ఇది కాదు. ఇది పెద్ద పెద్ద చోట్లా జరిగింది. 1997లో మైక్రోసాఫ్ట్‌లోనే, సుమారు 13,000 మంది ఉన్న ఒక అంతర్గత జాబితాకు ఎవరో ఒకరు రాసిన మెయిల్‌కు ఇలాగే జవాబులు మొదలై, కోటిన్నర సందేశాలై సర్వర్లు చతికిలపడ్డాయి. జాబితా పేరు చూసి పంపకండి, అందులో ఎంతమంది ఉన్నారో విప్పి చూడండి. అవుట్‌లుక్‌లో జాబితా పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే పేర్లన్నీ బయటపడతాయి. పది పదిహేను మంది అయితే పేర్లు ఒక్కొక్కటీ మీరే టైప్ చేసుకోవడం మంచిది, ఆ పేర్లు మీకూ అలవాటవుతాయి. వందల్లో ఉంటే ఆ మెయిల్ మీరు రాయవలసినది కాదు, అది మేనేజరు పని.

జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను ఆపడానికి మామూలుగా ఉండే గడువు 5 సెకన్లు, సెట్టింగులలో దాన్ని 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. మొదటి రోజే పెంచి పెట్టుకోండి.

పంపే రోజు గురించి కూడా అడుగుతుంటారు. మొదటి రోజు వద్దు. ఆ రోజు మీ లాగిన్‌లు సగం పనిచేయవు, మీ వాటా పని మీకే తెలియదు. మేనేజరు మిమ్మల్ని పరిచయం చేస్తూ మెయిల్ పంపుతారేమో ముందు కనుక్కోండి. పంపితే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా దాని కిందనే మూడు నాలుగు వాక్యాలు రాస్తే సరిపోతుంది. పంపకపోతే బుధవారం నాటికి మీరే రాయండి. వేరే దేశంలో సగం టీమ్ ఉంటే వారి ఉదయానికి అందేలా చూడండి. వేసవిలో మనకు మధ్యాహ్నం 2 గంటలైతే డబ్లిన్‌లో ఉదయం 9.30, చలికాలంలో అక్కడ గడియారాలు మారతాయి కాబట్టి 8.30. రాత్రి పంపితే అది మరునాటి కుప్పలో అడుగున పడుతుంది.

ఇక మీ ప్రశ్నలు. ఇక్కడ ఒకరు చీటీ పంపారు. తమ ఇంట్లో లేసు అల్లేవారు ఎవరూ లేరనీ, చెప్పుకోవడానికి విశేషమేమీ లేదనీ, అప్పుడేం రాయాలనీ అడిగారు. విశేషం అక్కర్లేదండి, వివరం ఉంటే చాలు. మీరు రోజూ ఏ బస్సులో వస్తారో రాయండి. ‘ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి వస్తాను, దారిలో ఒక పుస్తకం నెలకు అయిపోతుంది’ అన్నా బొమ్మే. ఒకే షరతు, అది నిజం కావాలి, మరో మనిషి మిమ్మల్ని దాని గురించి అడిగితే ఇంకో రెండు మాటలు చెప్పగలగాలి. వంట ఇష్టమని రాసి, ఏం వండుతారని అడిగితే మ్యాగీ అన్నవారిని నేను చూశాను. సరైనది దొరికిందో లేదో అనుమానంగా ఉంటే, ఆఫీసుతో సంబంధం లేని ఒకరికి మెయిల్‌ను పది సెకన్లు చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని, ఏం గుర్తుందో అడగండి. మీరు ఉంచాలనుకున్నది కాకుండా ఇంకేదో చెబితే, ఆ ఇంకేదో ఉంచి మీదాన్ని తీసేయండి.

ఇంకొకరు, మతం, కులం, పెళ్ళి, పిల్లల సంగతులు రాయవచ్చా అని అడిగారు. కులం తెలిసేలా ఏదీ రాయకండి, ఊరూ ఇంటిపేరూ వినగానే లెక్కలు వేసుకునేవారు మన దగ్గర ఉన్నారు, వారికి మనం చేజేతులా సాయం చేయనక్కరలేదు. పిల్లల సంగతి మీ ఇష్టం. సాయంత్రం ఆరింటికి పాపను తీసుకురావడానికి తప్పనిసరిగా వెళ్ళాలంటే అది టీమ్‌కు పనికొచ్చే సమాచారమే, ఒక వాక్యంలో చెప్పవచ్చు.

చివరి ప్రశ్న వెనక వరుస నుంచి వచ్చింది. మేనేజరు నిన్ననే తనను ఇంటిపేరుతో పరిచయం చేస్తూ టీమ్ అందరికీ మెయిల్ పంపేశారట, ఆయన తప్పు చేశారని అందరి ముందూ చెప్పినట్టు ఉండకుండా ఎలా సరిచేయాలని. తప్పు అన్న మాటే రానివ్వకండి. ఆ మెయిల్ కిందనే, ‘పరిచయం చేసినందుకు ధన్యవాదాలు. కొత్తపల్లి మా ఇంటిపేరు, మా తెలుగువాళ్ళలో అది ముందు వస్తుంది. నన్ను ప్రసన్న అనండి’ అని మొదలుపెట్టి, మీ పని సంగతిలోకి వెళ్ళిపోండి. నిన్న వచ్చిన మెయిల్ అన్నారు కాబట్టి, ఈరోజే పంపేయండి.